బెలోత్, క్వాంష్ ఆడటం ఎలా: తురుపులో జాకీ, తొమ్మిది ఎందుకు పైన, డిక్లరేషన్ల లెక్క ఏమిటి

ఫ్రాన్స్‌కి వచ్చి మొదటిసారి బెలోత్ బల్ల దగ్గర కూర్చున్న మనవాళ్ళు ఎక్కువమంది ఒకటే తప్పు చేస్తారు. చేతిలో తురుపు ఆసు ఉంటుంది, ఇంక దీన్ని కొట్టేదేముందిలే అని ధైర్యంగా వేస్తారు, పక్కవాడు తురుపు తొమ్మిది వేసి మొత్తం పట్టుకుపోతాడు. 11 పాయింట్లు పోతాయి, ఎందుకు పోయాయో అర్థం కాదు. నేను లియాన్‌లో ఉద్యోగం చేస్తున్నాను, మధ్యాహ్నం భోజనం అయ్యాక మా దగ్గర రోజూ రెండు మూడు ఆటలు నడుస్తాయి, కొత్తగా చేరిన ప్రతి తెలుగు కుర్రాడికీ ఇదే మొదటినుంచి చెప్పాల్సి వస్తోంది. అందుకే ఒకసారి కూర్చుని ముందు బెలోత్, తర్వాత దాన్నే వేలంపాటతో ఆడే క్వాంష్, మొత్తం రాస్తున్నాను.

ముందు పేక సిద్ధం చేసుకోండి. మామూలు 52 ముక్కల కట్టలోంచి రెండు నుంచి ఆరు దాకా ఉన్నవన్నీ తీసేస్తే ఏడు నుంచి ఆసు దాకా 32 ముక్కలు మిగులుతాయి. నలుగురు ఆడాలి, ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు జోడీ. ఒక్కొక్కరికి ఎనిమిది ముక్కలు, అంటే ఎనిమిది పట్టులు. ఒకరు వేసిన రంగునే మిగతా ముగ్గురూ వేయాలి, పెద్దది వేసినవాళ్ళు ఆ నాలుగు ముక్కలూ తీసుకుంటారు. అయితే ఎన్ని పట్టులు గెలిచామన్నది లెక్క కాదు, గెలిచిన ముక్కల్లో ఎన్ని పాయింట్లున్నాయన్నదే లెక్క.

ఇప్పుడు ముక్కల విలువ. ఇక్కడ రెండు వరసలు గుర్తుపెట్టుకోవాలి. తురుపు కాని మూడు రంగుల్లో ఆసు 11, పది 10, రాజు 4, రాణి 3, జాకీ 2, తొమ్మిది, ఎనిమిది, ఏడులకు సున్నా. బలం కూడా అదే క్రమంలో, అంటే పది ముక్క రాజును కొడుతుంది, అది కూడా మనకి కొత్తే. తురుపు రంగులో మాత్రం జాకీ 20తో అన్నిటికన్నా పైకి వెళ్తుంది, దాని కింద తొమ్మిది 14తో, ఆ తర్వాతే ఆసు 11, పది 10, రాజు 4, రాణి 3, చివర్లో ఎనిమిది, ఏడు. అంతే తేడా, జాకీ, తొమ్మిది రెండూ కిందనుంచి లేచి ఆసు నెత్తిన కూర్చున్నాయి, మిగతా ఆరింటి క్రమం ఏమీ మారలేదు. ఇలా గుర్తుపెట్టుకుంటే రెండు వరసలు బట్టీ పట్టక్కర్లేదు.

మామూలు రంగు ఒక్కోదానిలో 30 పాయింట్లు, తురుపులో 62, మొత్తం 152. చివరి పట్టు గెలిచినవాళ్ళకి ఇంకో 10 ఇస్తారు, దాన్ని దిస్ ద దేర్ అంటారు. అన్నీ కలిపి 162. ప్రతి ఆట చివర్లో రెండు జట్లవీ కూడితే 162 రావాలి, రాలేదంటే ఎవరో తప్పు కూడారు.

సరే, జాకీ, తొమ్మిదే ఎందుకు?

దీనికి ఎవరో కూర్చుని లెక్కేసి పెట్టిన కారణం లేదు, ఇది వంశపారంపర్యంగా వచ్చింది. బెలోత్ ఫ్రాన్స్‌లో పుట్టిన ఆట అనుకుంటాం గానీ ఇది 20వ శతాబ్దం మొదట్లో అక్కడ అడుగుపెట్టిన ఆట, దీని కుటుంబం పేరు యాస్. డచ్చివాళ్ళు తురుపు జాకీని యాస్ అనే అంటారు, ఆట పేరు కూడా అదే, తురుపు తొమ్మిదిని నెల్ అంటారు. స్విట్జర్లాండ్‌లో ఈ ఆట ప్రస్తావన 1796 నుంచే కనిపిస్తుంది, ఇప్పటికీ అక్కడ తురుపు జాకీకి 20, తొమ్మిదికి 14. డచ్చివాళ్ళ క్లావెర్యాస్‌లోనూ అవే అంకెలు. అంటే ఫ్రెంచివాళ్ళు పేర్లు మార్చుకున్నారు గానీ ఆ రెండు ముక్కల జోలికి పోలేదు. తురుపు రంగులో బంటు రాజుని కొట్టడం అనే ఆలోచన యూరప్‌లో ఇంకా పాతది, 1426 నాటికే జర్మనీలో కార్నోఫెల్ అనే ఆట ఉంది, అందులోనూ ఎంచుకున్న రంగులో బంటు ముక్కదే పైచేయి.

మన దేశంలో కూడా ఈ కుటుంబానికి చుట్టాలున్నారు. కేరళలో ఆడే ఇరవై ఎనిమిది, బెంగాల్, ఒడిశాల్లో ఆడే ఇరవై తొమ్మిది మీరు ఎప్పుడైనా ఆడి ఉంటే జాకీకి 3, తొమ్మిదికి 2, ఆసుకి 1, పదికి 1 అన్న లెక్క గుర్తుండే ఉంటుంది. క్రమం అదే, చూడండి. కానీ ఆ ఆట వచ్చినవాళ్ళకి ఇక్కడొక ప్రమాదం ఉంది. ఇరవై ఎనిమిదిలో ప్రతి రంగులోనూ జాకీయే పెద్ద. బెలోత్‌లో తురుపులో మాత్రమే. కళావరు తురుపు అయినప్పుడు ఇస్పేటు జాకీ పట్టుకుని ఇదేదో పెద్ద ముక్క అనుకుంటే మునిగిపోతారు, దానికి ఉన్నది 2 పాయింట్లు, దాని పైన నాలుగు ముక్కలున్నాయి.

కారణం చరిత్రలో ఉన్నా, ఆటలో దీని ఫలితం మాత్రం చాలా పెద్దది, అది అర్థమైతేనే ఆట అర్థమైనట్టు. జాకీ, తొమ్మిది కలిపితే 34. అంటే ఒక మామూలు రంగు మొత్తం, ఎనిమిది ముక్కలూ కలిపినా వచ్చే 30 కన్నా ఈ రెండు ముక్కలే ఎక్కువ. పైగా తురుపు ఏదో తేలేవరకు మీ చేతిలోని జాకీ విలువ 2 పాయింట్లో 20 పాయింట్లో తెలియదు. అందుకే ముక్కలు అందుకోగానే ఆసులు ఎన్ని అని చూసే అలవాటు మానుకుని, ఏ రంగులో జాకీ ఉంది, దానికి తోడు అదే రంగులో ఇంకెన్ని ఉన్నాయి అని ముందు చూడండి. తొమ్మిది మీ దగ్గరుండి జాకీ లేకపోతే ఆ తొమ్మిదికి కాపలాగా ఇంకో చిన్న తురుపు ఉండాలి. లేకపోతే జాకీ పడిన మొదటి పట్టులోనే తొమ్మిది బలవంతంగా రాలిపోతుంది, 14 పాయింట్లు ఎదుటివాళ్ళ ఖాతాలోకి వెళ్తాయి.

బలవంతంగా అని ఎందుకన్నానంటే ఇక్కడ నియమాలు కఠినం. తురుపు వేసినప్పుడు మీ దగ్గర అప్పటికి పడిన దానికన్నా పెద్ద తురుపు ఉంటే అదే వేయాలి, లేకపోతే ఉన్న చిన్న తురుపైనా వేయాలి. వేరే రంగు వేసినప్పుడు ఆ రంగు మీ దగ్గర లేకపోతే తురుపుతో కొట్టాలి, మీకంటే ముందు ఎదుటివాడు తురుపుతో కొట్టేసి ఉంటే వీలైతే దానికన్నా పెద్ద తురుపు వేయాలి. ఒక్క మినహాయింపు, ఆ క్షణానికి పట్టు మీ జోడీది అయి ఉంటే తురుపు కొట్టక్కర్లేదు, ఏదైనా వేయొచ్చు. అప్పుడే మీ పది ముక్కనో రాజునో జోడీ పట్టులో పడేసి పాయింట్లు ఇస్తారు.

ఇక తురుపు ఎలా తేలుతుంది అంటే, మామూలు బెలోత్‌లో ముందు ఒక్కొక్కరికి మూడు, తర్వాత రెండు పంచి ఒక ముక్కని బల్ల మీద తెరుస్తారు. వరసగా అడుగుతూ వస్తారు, ఎవరైనా "తీసుకుంటా" అంటే ఆ ముక్క వాళ్ళది, దాని రంగే తురుపు. ఎవరూ తీసుకోకపోతే రెండో చుట్టులో వేరే రంగు చెప్పి తీసుకోవచ్చు. తీసుకున్నవాళ్ళకి ఇంకో రెండు, మిగతావాళ్ళకి మూడేసి పంచుతారు. తీసుకున్న జట్టు ఎదుటి జట్టు కన్నా ఎక్కువ పాయింట్లు చేయాలి, చేతిలో ప్రత్యేకమైన ముక్కల కలయికలుంటే చెప్పి తీసుకునే అదనపు పాయింట్లు, అంటే డిక్లరేషన్లు, ఏమీ లేనప్పుడు కనీసం 82. చేయలేకపోతే "లోపల పడ్డారు" అంటారు, 162 మొత్తం ఎదుటివాళ్ళకి రాసేస్తారు.

ఇప్పుడు డిక్లరేషన్లు. రమ్మీ ఆడినవాళ్ళకి ఇది తేలిక. ఒకే రంగులో వరసగా మూడు ముక్కలుంటే తియర్స్, 20 పాయింట్లు. నాలుగుంటే 50, అందుకే దాన్ని సెంకాంత్ అంటే యాభై అనే పిలుస్తారు. ఐదు అంతకన్నా ఎక్కువ ఉంటే 100. ఒకే ముక్క నాలుగు రంగుల్లోనూ మీ దగ్గరే ఉంటే అది కారే. నాలుగు జాకీలైతే 200, నాలుగు తొమ్మిదులైతే 150, నాలుగు ఆసులు, పదులు, రాజులు, రాణులు దేనికైనా 100, ఏడు, ఎనిమిదులకు ఏమీ రాదు. జాకీ, తొమ్మిదుల పెద్దరికం ఇక్కడ కూడా కనిపిస్తుంది. ఒకే ముక్కని సీక్వెన్స్‌లోనూ కారేలోనూ రెండుసార్లు వాడకూడదు.

కానీ సీక్వెన్స్ చూసేటప్పుడు మాత్రం తురుపు పెద్దరికాన్ని మర్చిపోండి. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, జాకీ, రాణి, రాజు, ఆసు అన్న మామూలు వరసే, తురుపు రంగులో కూడా. తురుపు జాకీ, తొమ్మిది, ఆసు చేతిలో ఉంటే ఆటలో అవి పై మూడు ముక్కలే గానీ సీక్వెన్స్ కాదు. కొత్తవాళ్ళు దీన్ని తియర్స్ అని చెప్పి చూపించాక ఇబ్బంది పడటం నేను చాలాసార్లు చూశాను.

చెప్పే పద్ధతి ఇలా. మొదటి పట్టులో మీ వంతు ముక్క వేసేటప్పుడే "తియర్స్" అనో "సెంకాంత్" అనో చెప్పాలి. ఏ ముక్కలో చెప్పనక్కర్లేదు. రెండు జట్లవాళ్ళూ ఒకటే చెబితే అప్పుడు ఎంత దాకా అని అడుగుతారు, రాజు దాకా ఉన్నది రాణి దాకా ఉన్నదాన్ని ఓడిస్తుంది. కారే ఏదైనా సీక్వెన్స్ కన్నా పైనే. రెండో పట్టులో ముక్క వేసేముందు గెలిచినవాళ్ళు వాటిని తెరిచి చూపించి మళ్ళీ చేతిలోకి తీసుకుంటారు. మొదటి పట్టు దాటిందంటే మీ డిక్లరేషన్ పోయినట్టే.

అన్నిటికన్నా ముఖ్యమైనది, బల్ల మొత్తం మీద అన్నిటికన్నా పెద్ద డిక్లరేషన్ ఎవరిదో ఆ జట్టుకే పాయింట్లు, ఆ జట్టులో ఇద్దరి దగ్గరున్నవీ లెక్కలోకి వస్తాయి. రెండో జట్టువి ఎన్నున్నా సున్నా.

ఈ పోటీకి అతీతంగా ఒక్కటుంది, ఆటకి పేరు దానిదే. తురుపు రాజు, రాణి రెండూ ఒకరి చేతిలోనే ఉంటే 20 పాయింట్లు. వాటిలో మొదటిది వేసేటప్పుడు "బెలోత్" అనాలి, రెండోది వేసేటప్పుడు "రెబెలోత్" అనాలి. దీన్ని ఎదుటివాళ్ళ ఏ డిక్లరేషనూ రద్దు చేయలేదు, లోపల పడినా కూడా ఈ 20 మీకే ఉంటుంది. ఈ రాజు, రాణి ఒక సీక్వెన్స్‌లో ఉన్నా ఫర్వాలేదు, రెండూ చెప్పుకోవచ్చు.

ఇదంతా ఒక ఆటలో ఎలా కలుస్తుందో చూద్దాం. కిందటి నెల మా బల్ల మీద పడిన ఆట, అయిపోయాక ముక్కలన్నీ తెరిచి మళ్ళీ పరిచి చూసుకున్నాం కాబట్టి నాకు పూర్తిగా గుర్తుంది. ముందు ఆడాల్సింది నేను, నా తర్వాత ఎడమవైపు మనిషి, ఆ తర్వాత ఎదురుగా నా జోడీ, చివర కుడివైపు మనిషి.

మొదటి ఐదు ముక్కల్లో నాకు ఆటీను జాకీ, ఆటీను రాణి, ఇస్పేటు ఆసు, ఇస్పేటు ఏడు, డైమండు ఏడు వచ్చాయి. బల్ల మీద తెరిచినది ఆటీను రాజు. తీసుకుంటే జాకీ చేతిలో, రాజు రాణీ జతతో బెలోత్, పైగా జాకీ, రాణి, రాజు వరసగా తియర్స్. తీసుకున్నాను. మిగతా రెండుగా ఆటీను ఎనిమిది, కళావరు జాకీ వచ్చాయి. తొమ్మిది ఎక్కడుందో తెలియదు, అదొక్కటే టెన్షన్.

మొదటి పట్టు, తురుపు జాకీ వేస్తూ "తియర్స్" అన్నాను. ఎడమవైపు మనిషి తురుపు ఏడు వేసి తనూ "తియర్స్" అన్నాడు. నా జోడీ దగ్గర ఉన్న ఒకే ఒక్క తురుపు పది, అది పడింది. కుడివైపు మనిషి దగ్గర ఉన్న ఒకే తురుపు ఆసు, అదీ పడింది, కానీ వేస్తూ "సెంకాంత్" అన్నాడు. ఒక్క పట్టులో 41 పాయింట్లు నాకు వచ్చాయి, జాకీ బలం అంటే ఇది. కానీ ఆ ఒక్క మాటతో నా తియర్స్ సున్నా అయింది.

వాళ్ళు చూపించారు. కుడివైపు మనిషి దగ్గర డైమండు పది, జాకీ, రాణి, రాజు. ఎడమవైపు మనిషి దగ్గర ఇస్పేటు పది, జాకీ, రాణి. విడిగా చూస్తే రాజు దాకా ఉన్న నా తియర్స్ రాణి దాకా ఉన్న అతని తియర్స్ కన్నా పెద్దది, అయినా సరే, వాళ్ళ జట్టులో సెంకాంత్ ఉంది కాబట్టి అతని 20 కూడా లెక్కలోకి వచ్చేసింది. వాళ్ళకి 70, మాకు ఏమీ లేదు.

ఇక్కడ ఆగి లెక్క వేసుకోవాలి, చాలామంది వేసుకోరు. ఈ ఆటలో ఉన్న మొత్తం 162, వాళ్ళ 70, నా బెలోత్ 20 కలిపితే 252. సగం 126. నేను 126 దాటాలి. బెలోత్ 20 తీసేస్తే పట్టుల్లో కనీసం 107 రావాలి. అంటే వాళ్ళు ఒక్క ముక్క కూడా గెలవకముందే, బెలోత్ ఉన్నందుకు పట్టుల్లో 72 చాలాల్సిన నా లక్ష్యం 107కి పెరిగిపోయింది. ఎదుటివాళ్ళ డిక్లరేషన్ అంటే వాళ్ళకి వచ్చే పాయింట్లే అనుకుంటాం గానీ అది మన గోడ ఎత్తు పెంచడం కూడా.

అయితే చూపించడంలో వాళ్ళు పోగొట్టుకున్నది కూడా ఉంది. ఎనిమిదిలో నాలుగు ముక్కలు ఒకరివి, మూడు ఇంకొకరివి నాకు తెలిసిపోయాయి. ఎడమవైపు మనిషికి ఇస్పేట్లు ఉన్నాయి, నా ఇస్పేటు ఆసుని తురుపుతో కొట్టలేడు. కుడివైపు మనిషికి తురుపు అయిపోయినట్టే, ఎందుకంటే జాకీ కింద ఆసు లాంటి ముక్కని ఎవరూ ఇష్టపడి పడేయరు. తొమ్మిది ఎడమవైపే ఉండాలి.

అప్పుడు తురుపు రాజుతో తొమ్మిదిని లాగేయాలనిపించింది. అలా చేసి ఉంటే తొమ్మిది 14, నా రాజు 4, కుడివైపు మనిషి తన జోడీ పట్టులో వేసే డైమండు పది ఇంకో 10, మొత్తం 28 ఒక్క దెబ్బకి పోయేవి. దాన్ని వదిలేసి ఇస్పేటు ఆసు వేశాను. ఎడమవైపు జాకీ, నా జోడీ రాజు, కుడివైపు ఎనిమిది, 17 వచ్చాయి. తర్వాత నా డైమండు ఏడు వేశాను, ఆ రంగులో పది నుంచి రాజు దాకా కుడివైపే ఉన్నాయి కాబట్టి ఆసు నా జోడీ దగ్గరుండాలని ఆశ. ఉంది. ఎడమవైపు ఎనిమిది, ఆసు, కుడివైపు జాకీ, 13. ఇప్పటికి 71.

నాలుగో పట్టు నా జోడీ డైమండు తొమ్మిదితో మొదలుపెట్టాడు. కుడివైపు మనిషి రాణి వేశాడు. నాకు డైమండు లేదు, తురుపు ఎనిమిదితో కొట్టాను. ఎడమవైపు మనిషికి కూడా డైమండు అయిపోయింది, పట్టు నా చేతిలో ఉంది, కాబట్టి అతను నా తురుపుని మించి వేయాల్సిందే, దగ్గరున్నది తొమ్మిది ఒక్కటే, వేరే దారి లేదు. పట్టు వాళ్ళదే, 17 పోయాయి, కానీ ఆ తొమ్మిది నా చెత్త ఎనిమిది మీద ఖర్చయింది. ఇక మిగిలిన తురుపులు రెండే, రాజు, రాణి, రెండూ నావే.

తర్వాత ఎడమవైపు మనిషి ఇస్పేటు పది వేశాడు, కుడివైపు మనిషి దాని మీద డైమండు పది పడేశాడు, 20 వాళ్ళకి. ఆరో పట్టులో కళావరు రాజు వేశాడు, కుడివైపు మనిషి ఆసుతో తీసుకున్నాడు, నా కళావరు జాకీ అందులో పోయింది, 17. వాళ్ళకి మొత్తం 54. ఏడో పట్టు కుడివైపు మనిషి డైమండు రాజు వేశాడు, నేను "బెలోత్" అని తురుపు రాణి వేశాను, నా జోడీ కళావరు పదిని అందులో పెట్టాడు, 17. చివరి పట్టు "రెబెలోత్" అని రాజు, అందులో 10, చివరి పట్టుకి ఇంకో 10.

మాకు 71, 17, 20 కలిపి 108. బెలోత్‌తో 128. వాళ్ళకి 54, డిక్లరేషన్లు 70, మొత్తం 124. నాలుగు పాయింట్లతో గట్టెక్కాం. కాగితం మీద మాకు 128, వాళ్ళకి 124 రాసుకున్నాం. అదే ఏడో పట్టులో ఆ ఒక్క మాట అనడం మర్చిపోయి ఉంటే మావి 108 దగ్గరే ఆగేవి, మేం లోపల పడేవాళ్ళం, వాళ్ళకి 162, 70 కలిపి 232, మాకు సున్నా.

ఇక క్వాంష్ సంగతి. ముక్కలు, విలువలు, నియమాలు అన్నీ ఇవే. తేడా ఏమిటంటే బల్ల మీద ముక్క తెరవరు, ఎనిమిదీ ఒకేసారి పంచేస్తారు, తర్వాత వేలంపాట. "ఎనభై, ఆటీను" అని మొదలవుతుంది, పదేసి పెంచుకుంటూ పోవాలి, ఎనిమిది పట్టులూ మావే అనే ధైర్యం ఉంటే కాపో అంటారు, దాని విలువ 250. పాట ఎవరిదైతే వాళ్ళు చెప్పిన అంకె చేరాలి. మీరు చేరలేరు అని ఎదుటివాళ్ళకి నమ్మకం ఉంటే "క్వాంష్" అంటారు, కదలకుండా ఇరికించడం అనే అర్థమున్న మాట అది, పాట అక్కడితో ఆగి విలువ రెట్టింపు అవుతుంది. మీకూ అంత నమ్మకం ఉంటే "సుర్‌క్వాంష్" అని నాలుగింతలు చేయొచ్చు.

జాకీ, తొమ్మిదుల ప్రాముఖ్యం ఇక్కడ ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే మీ జోడీ ముక్కలు చూడకుండా ఒక అంకె చెప్పాలి. జాకీ, తొమ్మిది, ఆసు మూడూ ఒకే రంగులో ఉంటే 45 పాయింట్లు మీ చేతిలోనే ఖాయం, వాటి మీద పడే ఎదుటివాళ్ళ తురుపులు అదనం. జాకీ మాత్రమే ఉండి తొమ్మిది లేకపోతే ఆ తొమ్మిది మీ జోడీ దగ్గరుండొచ్చు, ఎదుటివాళ్ళ దగ్గరుండొచ్చు. అందుకే మీరు ఎనభై ఆటీను అన్నాక మీ జోడీ తొంభై ఆటీను అంటే, ఆటీనులో మీకు లేనిది తన దగ్గరుందని చాలా బల్లల మీద అర్థం. నేను పైన చెప్పిన చేత్తో క్వాంష్‌లో ఎనభై చెప్పేవాణ్ణి, తొమ్మిది తెలియకుండా వంద దాకా ఒంటరిగా పోయేవాణ్ణి కాదు.

డిక్లరేషన్ల దగ్గర మాత్రం క్వాంష్‌లో ఒక్కో బల్లది ఒక్కో పద్ధతి. చాలాచోట్ల తియర్స్, కారేలు అసలు ఉండవు, బెలోత్ 20 ఒక్కటే ఉంచుతారు, నాకు వ్యక్తిగతంగా అదే నచ్చుతుంది, పాట పాడేటప్పుడు ఎదుటివాడి నాలుగు రాజులకి భయపడక్కర్లేదు. డిక్లరేషన్లు ఉంచే బల్లల్లో పాట గెలిచినవాళ్ళవి సాధారణంగా చెప్పిన అంకెకి సాయపడతాయి. కొన్నిచోట్ల అంకె చేరడమే కాదు, ఎదుటివాళ్ళ కన్నా ఎక్కువ కూడా ఉండాలంటారు. ఆ రెండో షరతు ఉందో లేదో తెలియకుండా పాట పాడితే, వంద చెప్పి 105 చేసి కూడా వాళ్ళ 70 డిక్లరేషన్ వల్ల లోపల పడొచ్చు.

కాబట్టి కొత్త బల్ల దగ్గర కూర్చోగానే, ముక్కలు పంచకముందే మూడు అడిగేయండి. డిక్లరేషన్లు ఉన్నాయా, బెలోత్ ఒక్కటేనా? పాట గెలిచాక అంకె చేరితే చాలా, ఎదుటివాళ్ళని కూడా దాటాలా? లోపల పడితే వాళ్ళకి ఎంత రాస్తారు? మూడోది ఎందుకంటే కొందరు 162 రాస్తారు, కొందరు 160కి పాట విలువ కలిపి రాస్తారు, క్వాంష్ అన్నాక అదే ఆటలో వందల్లో తేడా వచ్చేస్తుంది.